అమ్మమ్మ రాసిన ‘కప్పు’ ఎన్ని గ్రాములు?

ప్రశ్న: మా అమ్మమ్మ చేత్తో రాసిపెట్టిన కేకు కాగితం నా దగ్గర ఉంది. అందులో ఇలా ఉంది: ‘మైదా 2 కప్పులు, జల్లించాలి. పంచదార 1½ కప్పు. మెత్తటి వెన్న 1 కప్పు. గుడ్లు 4. పాలు పావు కప్పు, చూసుకుని. బేకింగ్ పౌడర్ 1 నిండు చెంచా. ఉప్పు చిటికెడు.’ ఈమధ్య కిచెన్ స్కేల్ కొన్నాను. ఇంటర్నెట్‌లో దొరికిన పట్టిక చూసి అన్నీ గ్రాముల్లోకి మార్చి, ఆమె వాడిన టిన్నులోనే చేశాను. కేకు ముందు బాగా పొంగింది, తర్వాత నడుమ కుంగిపోయింది. అడుగున జిడ్డు. ఆమె కప్పు ఇంట్లోనే ఉంది కానీ నీళ్లు పోసి తూస్తే 170 గ్రాములే వచ్చింది. కప్పంటే 240 కదా అని దాన్ని పక్కన పెట్టేశాను. ఎక్కడ తప్పు చేశాను?

సమాధానం: పక్కన పెట్టిన ఆ కప్పును ముందు మళ్లీ బల్ల మీదకు తీసుకురండి. మీకు కావలసిన జవాబు చాలావరకు అందులోనే ఉంది, సగం పని మీరు చేసేశారు కూడా. నీళ్లు ఒక మిల్లీలీటరు దాదాపు ఒక గ్రాము తూగుతాయి కాబట్టి, అంచు దాకా నీళ్లు పోసినప్పుడు స్కేల్ చూపించిన 170 అంటే కప్పులో 170 మి.లీ. పడుతుందని అర్థం. ఆమె రాసిన ‘కప్పు’ అదే.

240 అనేది అమెరికా వంటల పుస్తకాల కప్పు. ఆస్ట్రేలియాలో కప్పంటే 250 మి.లీ., జపాన్‌లో 200 మి.లీ. అచ్చు పుస్తకం చూసి చేస్తున్నప్పుడు అది ఏ దేశపు పుస్తకమో చూసుకోవాలి. చేతిరాత కాగితానికి ఆ గొడవ లేదు. రాసిన మనిషి చేతిలో రోజూ ఏ కప్పు ఉండేదో అదే కొలత.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. కప్పు చిన్నదైనా పెద్దదైనా అన్నీ దాంతోనే కొలిచినప్పుడు పాళ్లు మారవు కదా, కేకు కాస్త పెద్దదవుతుంది, అంతేగా? నిజమే, అన్నీ కప్పులతోనే కొలిచి ఉంటే అంతే. కానీ ఆ కాగితంలో కప్పుకు లొంగని ముఖ్యమైనది ఒకటుంది: గుడ్లు. అవి లెక్కతో రాసినవి. మీరు కప్పును 170 నుంచి 240కి పెంచినప్పుడు పిండి, పంచదార, వెన్న, పాలు అన్నీ పెరిగాయి. గుడ్లు మాత్రం నాలుగే ఉండిపోయాయి.

పట్టికల్లో మామూలుగా ఉండే అంకెల ప్రకారం మీ గిన్నెలో ఏం పడిందో చూద్దాం. మైదా కప్పుకు 125 చొప్పున 250 గ్రాములు, పంచదార 300, వెన్న సుమారు 227, పాలు 60. మధ్యరకం గుడ్డు పెంకు తీశాక 50 గ్రాములు ఉంటుంది, కాబట్టి నాలుగూ కలిపి 200. అంటే వెన్న గుడ్లను మించిపోయింది, పంచదార పిండిని మించిపోయింది. వెన్న కేకుల్లో ఈ రెండూ ఒకేసారి జరిగితే కష్టమే. కేకును లోపల నిలబెట్టేవి గుడ్లు, పిండి. వేడికి గుడ్డు గట్టిపడి, పిండిలోని గంజి చిక్కబడి గోడలు కట్టినట్టు అవుతుంది. వెన్న ఆ గోడల్ని మెత్తబరుస్తుంది. పంచదార ఎక్కువైతే అవి గట్టిపడటానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. మీ కేకు పొంగినంత వరకు బాగానే పొంగింది, కానీ పైకి లేచినదాన్ని పట్టుకునే బలం లోపల లేదు. నడుమ కుంగడం, అడుగున జిడ్డు దిగడం అందుకే.

టిన్ను కూడా ఇదే సాక్ష్యం చెబుతోంది. మీరు కలిపిన పిండి మొత్తం వెయ్యి గ్రాములు దాటింది. ఆమె కప్పుతో కొలిస్తే ఎంతవుతుందో కింద లెక్క వేస్తాను, 820 దగ్గర తేలుతుంది. అదే టిన్నులో పావు వంతు ఎక్కువ పిండి పోసి, ఆమె రాసినంతసేపే ఓవెన్‌లో పెట్టి ఉంటే నడుమ ఉడకడానికి టైమే చాలదు.

ఇక అసలు పని. పంచదారతో మొదలుపెట్టండి, అది పేచీ పెట్టదు. కప్పుతో ఎలా తీసినా గింజలు దాదాపు ఒకేలా సర్దుకుంటాయి. స్కేల్ మీద ఖాళీ గిన్నె పెట్టి, టేర్ బటన్ నొక్కి సున్నా చేసి, కప్పు నిండా పంచదార తీసుకుని, పైన చాకుతో అంచుకు సమంగా గీసి, గిన్నెలో పోయండి. 170 మి.లీ. కప్పుకు 142 గ్రాముల అటూ ఇటుగా వస్తుంది. ఒకటిన్నర కప్పు అంటే 213.

మైదా అలా కాదు. ఇంటర్నెట్ పట్టికలు ఎక్కువగా బోల్తా కొట్టించేది ఇక్కడే. పిండిని స్పూనుతో నెమ్మదిగా కప్పులోకి రాల్చి పైన గీస్తే 240 మి.లీ. కప్పుకు 120, 125 గ్రాములు వస్తాయి. అదే కప్పును నేరుగా డబ్బాలో ముంచి తీస్తే పిండి లోపల అణిగిపోయి 145 దాకా, ఒక్కోసారి ఇంకా పైకి కూడా పోతుంది. ముందే జల్లించిన పిండి అయితే 110 చుట్టూ ఆగుతుంది. కప్పు ఒకటే, పిండి ఒకటే, చెయ్యి మారితే తూకం మారుతుంది. మీ పట్టిక చేసినవాళ్లు స్పూనుతో రాల్చి కొలిచారు. మీ అమ్మమ్మ ఎలా తీసేవారు?

కాగితంలోనే ఒక ఆధారం ఉంది. ‘మైదా 2 కప్పులు, జల్లించాలి’ అని రాశారు, ‘జల్లించిన మైదా 2 కప్పులు’ అనలేదు. అంటే ముందు కొలిచి తర్వాత జల్లించారు. ఈ రెండు వాక్యాల మధ్య తేడా మీ కప్పుతో అయితే కప్పుకు పాతిక గ్రాములు, రెండు కప్పులకు యాభై. అందుకే పాత కాగితాలు చదివేటప్పుడు ఏ మాట ముందుంది, ఏది వెనకుంది అన్నది చాలా జాగ్రత్తగా చూస్తాను. అయితే వంటింట్లో రాసుకున్న కాగితంలో మాటల వరుసను కోర్టు పత్రంలా నమ్మేయకూడదు. ఆమె చేస్తుండగా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే అడగండి. ‘ఎన్ని గ్రాములు వేసేది’ అని కాదు, అది వాళ్లకూ తెలీదు. ‘కప్పును డబ్బాలో ముంచేదా, చెంచాతో పోసేదా, పైన చేత్తో సమం చేసేదా’ అని అడగండి. ఖాళీ కప్పు చేతికిచ్చి తీసి చూపించమంటే ఇంకా మంచిది. నోటితో చెప్పలేనిది చెయ్యి చేసి చూపిస్తుంది. నేను ఇలా అడిగినప్పుడు మా పెద్దమ్మ ‘మామూలుగానే తీసేది’ అంటూ కప్పును రెండుసార్లు బల్లకేసి కొట్టింది. ఆ రెండు దెబ్బలకే పిండి పది గ్రాములు పెరిగింది.

ఎవరూ దొరక్కపోతే ముంచి తీశారనే అనుకోండి. తొందర పనిలో చాలామంది చేసేది అదే. అదే పద్ధతిలో ఐదుసార్లు తీసి, ప్రతిసారీ తూచి రాసుకోండి, ప్రతిసారీ పిండిని మళ్లీ డబ్బాలో కలిపేసి. ఉదాహరణకు 101, 106, 99, 104, 105 వచ్చాయనుకోండి. కూడితే 515, సగటు 103. రెండు కప్పులకు 206. ఐదు అంకెల మధ్య ఏడు గ్రాముల తేడా ఉందని టెన్షన్ పడకండి. ఆమె చేతిలోనూ అంత తేడా ఉండే ఉంటుంది, అయినా కేకు వచ్చేది. తేడా ఇరవై దాకా పోతుంటే మాత్రం మీ చెయ్యి ఇంకా ఒక పద్ధతికి రాలేదని అర్థం, ఇంకో ఐదుసార్లు తీయండి.

వెన్నకు ఒక చిన్న కిటుకు కావాలి. మెత్తటి వెన్నను కప్పులో నొక్కితే మూలల్లో గాలి ఉండిపోతుంది, తీసేటప్పుడు కొంత కప్పుకు అంటుకుంటుంది. కాబట్టి కప్పులో ఎంత పట్టిందని కాదు, గిన్నెలోకి ఎంత చేరిందో తూచండి. గిన్నెను స్కేల్ మీద పెట్టి సున్నా చేసి, కప్పులో వెన్న నింపి, ఆమె తీసినట్టే చెంచాతో గీకి గిన్నెలో వేయండి. కప్పు లెక్క ప్రకారం 162 రావాలి, గాలి, అంటుకున్నది పోగా 155 నుంచి 160 చూపిస్తుంది. నేనైతే 160 రాసుకుంటాను. కాగితంలో ‘కరిగించిన వెన్న’ అని ఉంటే కరిగించాకే కొలవాలి.

గుడ్లను పగలగొట్టి పెంకు లేకుండా తూచండి. నాలుగూ కలిపి 200 దగ్గర ఉంటే గొడవ లేదు. 170 వస్తే ఇంకో గుడ్డు గిలక్కొట్టి కావలసినంత కలపండి, 230 వస్తే కొంచెం తీసేయండి. ఆమె కాలంలో గుడ్డు ఎంత ఉండేదో మనకు తెలీదు కాబట్టి 200 దగ్గర మొదలుపెట్టి కేకు రుచిని బట్టి సరిచేసుకోవడమే.

‘పాలు పావు కప్పు, చూసుకుని’ అన్నచోట మీరు 60 అని ఒక అంకె రాసేశారు. ఆమె అంకె ఇవ్వలేదు, ఒక హద్దు ఇచ్చారు. ఆ ‘చూసుకుని’ని కూడా గ్రాముల్లోకి తేవచ్చు. చిన్న జగ్గులో పాలు పోసి జగ్గుతో సహా తూచండి, 300 ఉందనుకోండి. పిండి చెంచా నుంచి బరువుగా, ముద్దగా కాకుండా మెల్లగా జారేదాకా పాలు కలపండి. తర్వాత జగ్గును మళ్లీ తూచండి, 257 ఉంటే పట్టినవి 43 గ్రాములు. పావు కప్పు అంటే 42 మి.లీ., పాలు నీళ్లకన్నా కాస్త బరువు కాబట్టి అది కూడా 43, 44 గ్రాములే. ఈ రెండూ దగ్గరగా వచ్చాయంటే మిగతా కొలతలు కూడా దారిలో ఉన్నట్టే. పిండి ముద్దగా ఉండి పాలు రెట్టింపు పడుతుంటే మైదా ఎక్కువ వేశారని అనుమానించండి. పాలు పోయకముందే జారుతుంటే మైదా తక్కువైంది. నాకు ఈ కాగితంలో అన్నిటికన్నా నచ్చిన మాట ఆ ‘చూసుకుని’. మీ లెక్క తప్పితే మొట్టమొదట అక్కడే పట్టుబడుతుంది.

ఇప్పుడు మొత్తం పక్కపక్కన పెట్టి చూడండి. మైదా 206, పంచదార 213, వెన్న 160, గుడ్లు 200, పాలు 43. కలిపితే 822. పంచదార పిండికి దాదాపు సమానం, గుడ్లు కూడా దాదాపు సమానం, వెన్న గుడ్లకన్నా తక్కువ. ఇది నిలబడే కేకు. మీరు చేసినదాన్ని ఇదే పిండి లెక్కకు తెస్తే, 206 మైదాకు పంచదార 247, వెన్న 187, గుడ్లు 165 అవుతాయి. కుంగిపోవడానికి కారణం ఆ మూడు అంకెల్లోనే కనిపిస్తుంది.

బేకింగ్ పౌడర్‌ను మాత్రం స్కేల్‌కు అప్పగించకండి. ఇంట్లో వాడే స్కేల్ ఒక గ్రాము చొప్పున చూపిస్తుంది. 5 గ్రాముల వస్తువులో ఒక గ్రాము పొరపాటు అంటే అయిదో వంతు. పైగా చాలా స్కేళ్లు సున్నా దగ్గర కొంచెం కొంచెంగా రాల్చే పొడిని పట్టించుకోవు. అంకె కదలదు, మనం ఇంకా వేస్తూ పోతాం. ఉప్పు విషయంలో నేను ఒకసారి ఇలాగే మోసపోయాను, ఆ కేకు ఎవరూ రెండో ముక్క అడగలేదు. కాబట్టి చెంచా కొలతను చెంచా కొలతగానే ఉంచండి, కానీ అది ఏ చెంచానో తేల్చుకోండి. ‘నిండు చెంచా’ అంటే పైన గోపురంలా లేచిందా, అంచుకు సమంగా గీసిందా? కొలత చెంచా 5 మి.లీ. ఉంటుంది, సమంగా గీస్తే బేకింగ్ పౌడర్ నాలుగైదు గ్రాములు. గోపురంలా తీస్తే ఏడు దాటవచ్చు. ఆమె చెంచా ఉంటే, ఆమె తీసినట్టే పది చెంచాలు ఒక గిన్నెలో వేసి తూచి పదితో భాగించండి. 68 వస్తే చెంచాకు 6.8 అన్నమాట. పది కలిపి తూచినప్పుడు స్కేల్ చేసే ఒక గ్రాము తప్పు పదో వంతుకు పడిపోతుంది. 206 గ్రాముల మైదాకు దాదాపు 7 గ్రాములు సరిపోయే కొలతే. అందుకే ‘నిండు’ అంటే గోపురమే అయి ఉంటుందని నా అంచనా. ఉప్పు చిటికెడు చిటికెడుగానే ఉండనివ్వండి.

స్కేల్ గురించి ఒక్క మాట. మీ దాంట్లో `g` పక్కన `ml` అనే బటన్ ఉంటే దాని జోలికి పోకండి. అది లోపల ఉన్నది నీళ్లే అనుకుని లెక్క చెబుతుంది. నూనె 100 మి.లీ. అసలు తూగేది 92 గ్రాములే, అక్కడ అది తప్పు చెబుతుంది. ఎప్పుడూ `g` లోనే ఉంచండి.

కప్పు పగిలిపోయిన ఇళ్ల నుంచి కూడా ఇదే ప్రశ్న వస్తుంటుంది, వాళ్ల కోసం ఇక్కడే చెప్పేస్తాను. గుడ్ల నుంచి వెనక్కి లెక్క వేయండి. ఇలాంటి వెన్న కేకులో వెన్న బరువు గుడ్లను దాటకపోవడం మంచిది. నాలుగు గుడ్లు 200 గ్రాములు, కాగితంలో వెన్న ఒక కప్పు. అంటే ఆ కప్పులో 200 గ్రాములకు మించి వెన్న పట్టి ఉండదు, కప్పు 210 మి.లీ. లోపే. టిన్ను మిగిలి ఉంటే దాన్నీ వాడుకోవచ్చు. అది నీళ్లతో ఎంత పడుతుందో చూసి, అందులో సగం నుంచి మూడింట రెండు వంతులు పిండి నిండేలా కప్పును ఊహించండి. ఇది కచ్చితమైన కొలత కాదు, కానీ 150, 170, 200లో దేంతో మొదలుపెట్టాలో చెబుతుంది.

మీరు మాత్రం ఈసారి కేకును గ్రాములతో చేయకండి. ఆమె కప్పుతోనే, ఆమె చెంచాతోనే చేయండి. గిన్నె మాత్రం స్కేల్ మీద ఉండనివ్వండి, ఒక్కోటి పడ్డాక అంకె రాసుకుని మళ్లీ సున్నా చేస్తూ పోండి. మధ్యలో స్కేల్ దానంతటదే ఆగిపోతే అప్పటిదాకా తూచింది పోతుంది, అందుకే ప్రతి అంకె వెంటనే రాసుకోవాలి. కేకు బాగా వస్తే అప్పుడు ఆ అంకెల్ని ఐదుకు దగ్గరగా సరిచేయండి: మైదా 205, పంచదార 215, వెన్న 160. రెండోసారి ఈ గ్రాములతో చేయండి. రెండూ ఒకేలా ఉంటే అమ్మమ్మ కాగితం పక్కనే ఇంకో కాగితం పెట్టి, పైన ‘కప్పు 170 మి.లీ., మైదా ముంచి తీసినది, తర్వాత జల్లించినది’ అని ముందు రాసి, దాని కింద గ్రాములు రాయండి. పాల దగ్గర మాత్రం ‘43, చూసుకుని’ అనే రాయండి.